జవాబు రాని గడి

నాకు చిన్నప్పటి నుంచీ గీతలంటే పిచ్చి. కాగితానికి నిలువునా ఒక గీత గీసి, ఇటు ఇది, అటు అది అని విడదీస్తే లోకంలోని గందరగోళమంతా ఒక దారికి వచ్చినట్టుండేది. కృష్ణగిరిలో కాలేజీ చదివేటప్పుడు ఆ పిచ్చి ముదిరింది. మా కాలేజీలో వాద పోటీలు జరిగేవి. వేదిక ఎక్కి మాట్లాడడం నాకు చేతకాదు కాబట్టి, పోటీలు నడిపే మాస్టారు నన్ను న్యాయనిర్ణేతల పక్కన కూర్చోబెట్టి రాత పని అప్పజెప్పారు. ఒక పక్షం ఏమంది, దానికి ఆధారం ఏం చూపింది, ఎదుటి పక్షం దాన్ని ఎట్లా ఖండించింది. ఒక్కో వాదానికి ఒక్కో వరుస. రెండో పక్షానికీ అట్లాగే. చివర్లో మాస్టారు ఆ కాగితం మీద వేలు పెట్టి పై నుంచి కిందికి దిగేవారు. ఖండన గడి ఖాళీగా కనబడితే "జవాబు రాని వాదం నిలిచినట్టే" అనేవారు. ఆ మాట నాకు వేదవాక్కు అయింది. పోటీల్లో గెలిచిన పిల్లలు పట్టుకుపోయేది ఒక స్టీలు గిన్నె. అక్కడ ఆ నియమం వల్ల ఎవరి కొంపా మునగలేదు.

చదువయ్యాక హోసూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. కృష్ణగిరి కొత్తగా జిల్లా అయిన రోజులవి. సైకిళ్ళ అంగడి మేడ మీద రెండు గదులు మా ఆఫీసు. దాన్ని నడిపేది రిటైరైన ఒక హెడ్మాస్టరు. ఆయన్ని అందరం సార్ అనేవాళ్ళం. పల్లెల్లో తగువు ఉన్న చోట రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, వాళ్ళ మాటలను టేపు రికార్డరులో పట్టి, సారాంశాన్ని తమిళంలో పట్టికగా తయారుచేసి పై అధికారులకు పంపడం మా పని. తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. ఉన్నదున్నట్టు రాయడమే మా గొప్ప అని సార్ వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. నేనూ తలాడించేదాన్ని. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, కానీ అప్పుడు మాత్రం నా పట్టికలను చూసుకుని నేనే మురిసిపోయేదాన్ని.

డెంకణికోట దాటాక అడవి అంచున ఒక ఊరు. ఆ ఊరి రాగి చేలను ఏనుగులు ఏటా తొక్కేస్తున్నాయి. అడవికీ చేలకూ నడుమ పొడుగునా లోతైన కందకం తవ్వాలని పైన అనుకున్నారు. ఊళ్ళో అందరూ దాన్ని ట్రెంచి అనేవారు. సేద్యం చేసేవాళ్ళు తవ్వండి మహాప్రభో అన్నారు. గొడ్లు మేపుకునేవాళ్ళు కూడా తవ్వొద్దనలేదు. ఒక్క చోట మాత్రం గొడ్లు దాటడానికి దారి వదలమన్నారు. ఎండాకాలంలో ఊరి కుంట ఎండిపోతే అడవిలోని మడుగే వాళ్ళ గొడ్లకు దిక్కు. దారి మూసేస్తే చుట్టూ తిరిగి పోవాలి. పొద్దున బయలుదేరిన గొడ్డు నీళ్ళ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, మళ్ళీ తిరిగి రావాలి. దారి వదిలితే గొడ్లు ఉంటాయి, వదలకపోతే అమ్ముకోవాలి. తగువంతా ఇదే. రెండు పక్షాల మాటలూ విని పట్టిక పంపమని కృష్ణగిరి జిల్లా ఆఫీసు నుంచి సార్‌కు కబురు వచ్చింది.

సభ ఊరి బడి వరండాలో పెట్టాం. నేను బల్ల మీద రికార్డరు పెట్టి, మూడు తొంభై నిమిషాల క్యాసెట్లు పక్కన పేర్చుకున్నాను. మొదలుపెట్టే ముందు సార్ రెండు పక్షాల చేతా ఒక కాగితం మీద సంతకాలూ వేలిముద్రలూ వేయించారు. టేపులో పలికిన మాటలే పట్టికలోకి ఎక్కుతాయి, బయట ఎవరు ఏం చెప్పినా ఎక్కవు అని అందులో ఉంది. అంతకు ముందు ఇంకో ఊళ్ళో సభ అయ్యాక ఒక పక్షం మా ఆఫీసుకు వచ్చి మాటలు చేర్పించుకుందని పెద్ద రభస అయింది. ఆ దెబ్బతో పెట్టుకున్న నియమం అది. మంచి నియమమే. ఈ రోజుకీ అది చెడ్డ నియమం అని నేను అనలేను.

సేద్యం వాళ్ళ తరఫున మాట్లాడింది నలభై అయిదేళ్ళ రైతు. చెడ్డవాడు కాదు. మూడేళ్ళు వరసగా పంట పోయింది, కడుపు మంట ఉంది, నోరూ ఉంది. గొడ్లవాళ్ళ తరఫున ఒక ముసలాయన కూర్చున్నాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. గొంగడి ఎందుకు తెచ్చాడో తెలియదు, ఎండ మాడ్చేస్తోంది. ఆయన చాలా నెమ్మదిగా మాట్లాడేవాడు. ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ క్యాసెట్టు వృథాగా తిరుగుతుంటే నాకు ఒళ్ళు మండేది.

మొదటి గంట సమ ఉజ్జీగానే నడిచింది. దారి వదిలితే గొడ్లతో పాటు కట్టెల దొంగలు కూడా పోతారని రైతు అన్నాడు. కట్టెలవాళ్ళు ఇప్పుడు కూడా పోతూనే ఉన్నారు, వాళ్ళు పొయ్యేది రోడ్డు మీదనే అని ముసలాయన అన్నాడు. కుంట లోతు చేస్తే నీళ్ళు నిలుస్తాయి కదా అని రైతు అన్నాడు. పోయినసారి లోతు చేసినారు, శివరాత్రికే ఎండింది, నువ్వే ఆడ క్రికెట్టు ఆడే పిల్లోళ్ళని తరిమినావు అని ముసలాయన అంటే వరండా అంతా నవ్వింది. రైతు కూడా నవ్వాడు. నేను మనసులోనే గడులు నింపుకుంటూ పోయాను.

రెండో క్యాసెట్టులో రైతు అసలు బాణం తీశాడు.

"కొండకవతల ఊర్లో పోయినేడు ట్రెంచి తవ్వినారు కదప్పా. మీలాంటోళ్ళే అడిగితే గొడ్లకని దారి వదిలినారు. ఏమాయె? ఆ దారిలోనే ఏనుగులు దిగినాయి. మా బావమరిది చెప్పినాడు. అంత పొడుగు తవ్వి ఏం లాభం? తలుపు తీసిపెట్టి గోడ కట్టినట్టే. దీనికి ఏం చెప్తావు, చెప్పు."

ముసలాయన నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. రికార్డరు మీద అంకెలు తిరుగుతున్నాయి. సార్ నెమ్మదిగా "చెప్పప్పా" అన్నారు.

"నేను ఆ ఊరికి పోలేదు సామీ. ట్రెంచి తవ్వినాక ఆ పక్కకే పోలేదు."

"పోకుంటేనేమి, జవాబు చెప్పు" అన్నాడు రైతు.

"చూడకుండా ఎట్ల చెప్పేదప్పా? యాడ దిగినాయో, ఎట్ల దిగినాయో నా కండ్లతో చూడాల కదా. చూడనిదానికి అవునంటే తప్పు, కాదంటే తప్పు."

ఆయన వెనక కూర్చున్న గొడ్లవాళ్ళలో ఒకరిద్దరు గొణిగారు. ఏదో ఒకటి అనమని వాళ్ళ కంగారు. ఆయన చెయ్యెత్తి వాళ్ళని ఆపేశాడు. రైతు ఇంకో రెండుసార్లు రెట్టించాడు. ముసలాయన మళ్ళీ నోరు తెరవలేదు. తర్వాత సార్ వేరే సంగతి ఎత్తుకున్నారు, సభ ముందుకు పోయింది. మూడో క్యాసెట్టు సగంలో ఉండగానే అందరూ లేచారు.

సారాంశం రాయడం అంటే విన్నది కుదించడమని చాలామంది అనుకుంటారు. అది కాదు. మనుషులు వరుసగా వాదించరు. మొదటి క్యాసెట్టులో పుట్టిన ప్రశ్నకు రెండో క్యాసెట్టు చివర్లో జవాబు దొరుకుతుంది. ఒకే మాటను ముగ్గురు మూడు రకాలుగా అంటారు. నేను మొదట టేపంతా విని చిత్తు పుస్తకంలో ఎవరు ఏమన్నారో రాసుకునేదాన్ని. పక్కనే రికార్డరు అంకె వేసేదాన్ని, అనుమానం వస్తే మళ్ళీ అక్కడికి తిప్పి వినడానికి. తర్వాత ఒక్కో వాదాన్ని ఒక్కో చీటీ మీదికి ఎక్కించి, చాప మీద పరచి, ఏ జవాబు ఏ వాదానిదో చూసి పక్కపక్కన పెట్టేదాన్ని. తిట్లూ సామెతలూ ఒక పక్కకు. మూడుసార్లు వచ్చిన మాట ఒకే చీటీ. ఒట్టి మాట వాదం గడిలోకి, దానికి చూపిన రుజువు ఆధారం గడిలోకి. నా సొంత మాట ఒక్కటి కూడా ఎక్కకూడదు. ఒక పక్షం మాట బలంగా ఉన్నా, పేలవంగా ఉన్నా, వాళ్ళు అన్నంత బలంగానే రాయాలి.

ఇందులో ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాది కెలమంగలం దగ్గర సేద్యం ఇల్లు. మా నాన్న రాగి చేలో ఏనుగు అడుగులు నేను చూశాను. పంట పోయిన రోజు మా ఇంట్లో ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కాబట్టి ఈ పట్టికలో సేద్యం వాళ్ళ వైపు మొగ్గుతానేమోనని నాకే భయం. ఆ భయంతో కొలిచినట్టు రాశాను. గొడ్లవాళ్ళ ప్రతి చిన్న మాటనూ వెతికి వెతికి గడుల్లోకి ఎక్కించాను. అంత న్యాయంగా రాశాననే నా ధీమా.

రైతు బాణం చీటీ దగ్గరికి వచ్చేసరికి ఆగాను. వాదం: దారి వదిలితే ఏనుగులు అందులోనే దిగుతాయి. ఆధారం: కొండకవతల ఊళ్ళో జరిగినది. ఆ సంగతి చెప్పింది రైతు బావమరిది అని కూడా రాయాల్సింది. గడి ఇరుకు. చోటు చాలక వదిలేశాను. ఇక ఖండన గడి. టేపును రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. "చూడకుండా ఎట్ల చెప్పేదప్పా" అని ముసలాయన గొంతు. ఇది ఖండనా? కాదు. ఎదుటివాడి ఆధారం తప్పని ఆయన అనలేదు, చాలదనీ అనలేదు, దానికి వేరే ఆధారం చూపలేదు. పోటీలో అయితే దీన్ని జవాబు కింద లెక్కపెట్టరు. నేను చక్కగా "జవాబు రాలేదు" అని రాశాను. మిగతా గడులన్నీ నిండి ఉన్నాయి. అదొక్కటే అట్లా రెండు మాటలతో తెల్లగా ఉంది.

సభ జరిగిన నాలుగో రోజు పొద్దున ముసలాయన హోసూరులో మా ఆఫీసుకు వచ్చాడు. మెట్లెక్కి వచ్చి, గడప బయటే కర్ర ఆనించి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చి నేల మీదే కూర్చున్నాడు. కాళ్ళ నిండా దుమ్ము, పిక్కల మీద ముళ్ళు గీరిన గీతలు. నేను నీళ్ళిచ్చాను. చెంబెడు నీళ్ళూ తాగి, తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"ఆ ఊరికి పోయి వచ్చినానమ్మా" అన్నాడు.

"ఏ ఊరికి?"

"కొండకవతల ఊరికి. సభ అయిన మర్నాడే పోయినాను. రెండు దినాలు ఆన్నే ఉన్నాను. ట్రెంచి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచినాను. ఇప్పుడు చెప్తాను, రాసుకో."

నేను రాసుకోలేదు. కానీ ఆపలేదు కూడా. ఆయన చెబుతూ పోయాడు. ఆ రోజు వరండాలో మాట మాటకూ ఆగిన మనిషి ఇప్పుడు తడుముకోకుండా చెబుతున్నాడు.

"గొడ్ల దారిలో ఏనుగు అడుగు ఒక్కటి లేదమ్మా. ఆవులవి, దూడలవి, మనుషులవి, అంతే. సాయంత్రం ఆ దారికి ముళ్ళకంప అడ్డమేస్తారు, పక్కన మంట పెట్టుకోని ఒకడు కూచుంటాడు. ఏనుగులు దిగింది ఆడ కాదు. వంక దాటే చోట. వానకి వంక పారి మట్టి తెచ్చి ట్రెంచిలో పోసింది. నా నడుముకి కూడా రాదు లోతు. మిగిలిన గట్టుని ఏనుగులు కాలితో తోసి పూడ్చుకోని దాటినాయి. ఏనుగు లద్దె ఉంది, గట్టు విరిగిన గుర్తు ఉంది. ఆ ఊరి సేద్యమోళ్ళని అడిగినాను. వాళ్ళూ అదే చెప్పినారు. మన ఊర్లో కూడా వంక ఉంది కదా. దారి మూసినా తెరిచినా ఒకటే, ఆ వంక కాడ ఏదో ఒకటి చెయ్యకుంటే ఏనుగులు వస్తాయి. ఇది మావాళ్ళకే కాదు, సేద్యమోళ్ళకీ మంచిదే. రాయమ్మా."

నేను బల్ల మీద ఆరబెట్టిన పట్టిక వైపు చూశాను. అదే ఖండన. రైతు చూపిన ఆధారాన్ని మొదలంటా నరికే ఖండన. మాస్టారు వింటే లేచి నిలబడేవారు. మూడు క్యాసెట్లలో ఇరవై మంది మాట్లాడారు, తన కళ్ళతో చూసి మాట్లాడింది మాత్రం ఈయనొక్కడే అనిపించింది. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట ఇది.

"సభ అయిపోయింది కదప్పా. టేపులో ఉన్నదే రాయాల. నువ్వు కూడా వేలిముద్ర వేసినావు."

ఆయనకు అర్థం కాలేదు. "అడిగింది ఆ దినం. చూసి వచ్చి చెప్తా ఉన్నాను. ఆలస్యం చెయ్యలేదే" అన్నాడు. వాళ్ళల్లో అదే పద్ధతని అప్పుడు ఆయన నోటనే విన్నాను. గొడ్డు తప్పిపోయినా, పిల్లనిచ్చే మాట వచ్చినా, తగువు వచ్చినా, అడిగిన చోటే జవాబు చెప్పరు. పోయి చూసి వచ్చి చెబుతారు. అంతదాకా అడిగినవాడు కాచుకుంటాడు. కూర్చున్న చోటే టక్కున జవాబు చెప్పేవాణ్ణి తేలిక మనిషి కింద జమకడతారట. రైతు మూడుసార్లు రెట్టించినప్పుడు ఆయనకు వింతగా ఉందట, పోయి వచ్చేదాకా ఆగలేడా అని.

సార్ లోపలి గది నుంచి అంతా విన్నారు. నేను పోయి అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"చేర్చితే ఏమవుతుందమ్మా? రేపు సేద్యం వాళ్ళొచ్చి మాకు చెప్పకుండా చేర్చినారంటారు. వాళ్ళనీ పిలిచి, మళ్ళీ సభ పెట్టి, మళ్ళీ టేపు చెయ్యాల. ఎల్లుండి కృష్ణగిరిలో ఇవ్వాల్సిన కాగితం ఇది. నియమం పెట్టింది మనమే కదా."

ఆయన చెప్పింది నిజమే. ఇంకొక పని చేసి ఉండొచ్చని తర్వాత ఎన్నో రోజులకు తోచింది. పట్టికను ముట్టుకోకుండా, సభ తర్వాత వచ్చిన మాట అని వేరే కాగితం మీద రాసి, ఎదుటి పక్షానికి ఒక నకలు పంపి, జత చెయ్యొచ్చు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆ రోజు నా బుర్రకు అది తట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు బాగా వచ్చు. బయటికి వచ్చి, "కుదరదప్పా" అన్నాను. ఆయన కోప్పడలేదు. "సరేమ్మా, చదువుకున్నోళ్ళు, మీకు తెలుస్తుంది" అని లేచి కర్ర తీసుకున్నాడు. వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

కృష్ణగిరికి సార్, నేను బస్సులో పోయాం. ఆఫీసరు మంచి మనిషే. టీ తెప్పించాడు. పట్టిక చూసి, ఇంత శుభ్రంగా ఎవరూ ఇవ్వరమ్మా అని మెచ్చుకున్నాడు. నాకు లోపల సంతోషం వేసింది. అవును, వేసింది. అది దాచి ప్రయోజనం లేదు. తర్వాత ఆయన వేలు పై నుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. అచ్చం మా మాస్టారు లాగానే. నిండిన గడుల మీద ఆగకుండా దిగి, ఆ తెల్ల గడి దగ్గర ఆగింది.

"దీనికి వాళ్ళు ఏమీ చెప్పలేదా?"

సార్ నా వైపు చూశారు. నేనే చెప్పాను. "సభలో చెప్పలేదు సార్. తర్వాత పోయి చూసి వచ్చినాడు. ఏనుగులు దిగింది దారిలో కాదంట, వంక దగ్గర..."

"టేపులో ఉందా?"

"లేదు సార్."

"అయితే మనం ఎత్తకూడదు. సేద్యం వాళ్ళు దాని మీద కోర్టుకు పోతారు" అన్నాడు. పెన్ను తీసి ఆ వరుస పక్కన చిన్న టిక్కు పెట్టాడు. బావమరిది చెప్పినాడని మాత్రం టేపులో ఉంది, అదైనా చెప్పి ఉండొచ్చు. నోట్లో నాలుక ఉండి కూడా అనలేదు. టీ చల్లారిపోయింది, తాగేసి వచ్చాం.

దారి లేకుండా ట్రెంచి మొత్తం తవ్వాలని తేలింది. గొడ్లవాళ్ళు ఒక అర్జీ పెట్టుకున్నారు. అది నేనే రాసిచ్చాను, ముసలాయన చూసి వచ్చిందంతా పూసగుచ్చినట్టు రాశాను. కొన్నాళ్ళకు రెండు వరుసల జవాబు వచ్చింది. సభలో ఎత్తని విషయాన్ని ఇప్పుడు పరిశీలించడం కుదరదని దాని సారాంశం. జవాబు తీసుకుని నేనే ఆ ఊరికి పోయాను. అప్పటికే మిషను వచ్చి తవ్వడం మొదలుపెట్టింది. ఎర్రమట్టి గుట్టలు గుట్టలుగా పడి ఉంది.

ముసలాయన కాగితం చేతిలోకి తీసుకోలేదు. మొదటి పట్టికను చదివి వినిపించమన్నాడు. ఇద్దరి మాటలూ చదవమన్నాడు, తనవొక్కటే కాదు. తమిళంలో రాసిందాన్ని తెలుగులో చెబుతూ వరస వరసా చదివాను. కుంట గురించి తను అన్న మాట వచ్చినప్పుడు తలాడించాడు. రైతు మాటలకు కూడా, "అవును, అట్లనే అన్నాడు" అన్నాడు. ఆ గడి దగ్గరికి వచ్చాక చదవడానికి ఏమీ లేదు. రైతు వాదం వరకే చదివాను.

"ఈడ నాది ఏం రాసినావమ్మా?"

"జవాబు రాలేదని రాసినానప్పా."

"చూసి చెప్తానన్నట్టు రాయలేదా?"

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. రెండే మాటలు. ఆ ఇరుకు గడిలో కూడా పట్టేవి. చూసి చెబుతానని ఆయన అనలేదు, చూడకుండా చెప్పలేనని అన్నాడు, రెండూ వేరు కదా అని నాలోని రాతమనిషి ఆ నిమిషంలో కూడా వాదించింది. ఆ రాతమనిషి నోరు నొక్కేసి, "రాయలేదప్పా, తప్పయింది" అన్నాను. ఆయన "పోనీలే" అన్నాడు. ఆ పోనీలేకి ఏం విలువ ఉందో నాకు తెలియదు.

ఆ ఎండాకాలం కుంట ఎండింది. నెల రోజులు ఆయన గొడ్లను చుట్టుదారిలో తోలుకుపోయాడు. రెండు దూడలు దారిలోనే పడిపోయాయి. తర్వాత మంద మొత్తం అమ్మేశాడు. కెలమంగలం సంతలో నేను చూశాను. ఇంటికి పోతూ బస్సు దిగేసరికి, ఆయన తలగుడ్డ చేతిలో పట్టుకుని చివరి ఆవు పక్కన నిలబడి ఉన్నాడు. నేను చూసి కూడా చూడనట్టు సందులోకి తిరిగిపోయాను. ఆయన కొడుకు హోసూరులో ఏదో కంపెనీకి కూలికి పోయాడు. మిగతా గొడ్లవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు అమ్ముకున్నారు.

మరుసటి కార్తీకానికి వంక బాగా పారింది. ట్రెంచిలో మట్టి చేరింది. రాగి కోతకు వచ్చే వేళకు ఏనుగులు ఆ వంక దగ్గరే దాటి చేలో పడ్డాయి. నష్టం రాసుకు రమ్మని మళ్ళీ నన్నే పంపారు. సేద్యం వాళ్ళ తరఫున మాట్లాడిన ఆ రైతు తొక్కిన చేను చూపిస్తూ, "ముసలోడు చెప్పింది నిజమే అయిందమ్మా" అన్నాడు. ఏడుపు గొంతుతో అన్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు, ఆయనకు ఆ ఏడు అప్పటికే ఒకసారి వాన దెబ్బ. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ముసలాయన ఇంటి ముందు నుంచి రావాలి. ఆయన లేడు, కొడుకు దగ్గరికి పోయాడట. ఆయన భార్య ఖాళీ కొట్టం ముందు కూర్చుని చింతకాయలు కొడుతోంది. కొట్టంలో గూటాలు పీకలేదు, తాళ్ళు మాత్రం చుట్టి మూలన పెట్టారు. నన్ను గుర్తుపట్టి కూర్చోమంది. పీట లేదని చాట బోర్లించబోతే వద్దని నేల మీదే కూర్చున్నాను. ఏనుగులు దిగిన సంగతి ఎత్తాను. మీ ఆయన చెప్పిందే జరిగిందమ్మా, ఆ మాట ఇప్పుడు పైకి రాస్తాను అన్నాను. రాస్తే గొడ్లు తిరిగి రావని ఇద్దరికీ తెలుసు.

ఆమె చింతకాయ మీద నుంచి కళ్ళెత్తలేదు.

"ఆ దినం ఆయప్ప ఒక అబద్ధం చెప్పేసుంటే బాగుండునమ్మా. నేను పోయినాను, చూసినాను, ఏనుగులు ఆడ దిగలేదు అనేసుంటే అయిపోవును. వెనకాల కూచున్నోళ్ళంతా అనమనే చెప్పినారు. అబద్ధమైతే నువ్వు రాసుకునుందువు కదా?"

రాసేదాన్ని. రికార్డరు అంకెతో సహా, ఆధారం గడిలో స్వయంగా చూశాడని చేర్చి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాసేదాన్ని. అవునమ్మా అని ఆమెతో చెప్పాను. ఆమె తలూపి ఇంకో చింతకాయ తీసుకుంది.